ఒక్క స్థితికి రేటు లేదు, గుంపుకే ఉంది: ఫెర్మీ గోల్డెన్ రూల్ మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ చదివిన వాళ్ళందరికీ ఈ సూత్రం వచ్చు. నెట్, గేట్ పరీక్షలకి కూర్చున్న వాళ్ళకైతే నిద్రలో లేపి అడిగినా వచ్చు. ముందు దాన్ని బోర్డు మీద రాసేస్తాను.

Γ = (2π/ħ) |V|² ρ(E)

ఎడమ పక్కన ఉన్న Γ అంటే సెకనుకి ఎంత సంభావ్యతతో సంక్రమణ జరుగుతుందో చెప్పే రేటు. V అంటే మొదటి స్థితినీ చివరి స్థితినీ కలిపే మ్యాట్రిక్స్ ఎలిమెంట్. ρ అంటే చివరి స్థితుల సాంద్రత, అంటే ఒక యూనిట్ శక్తి మేరలో ఎన్ని స్థితులు ఉన్నాయన్న లెక్క. 1927లో డిరాక్ దీన్ని రాబట్టాడు. తర్వాత చాలా ఏళ్ళకి షికాగోలో పాఠాలు చెబుతూ ఫెర్మీ రెండు సూత్రాలకి గోల్డెన్ రూల్ అని పేరు పెట్టాడు. ఇది అందులో రెండోది. పేరు మాత్రం ఫెర్మీదే నిలిచిపోయింది.

ఈరోజు నేను పట్టుకోదలచింది ఒకే ప్రశ్న. ఈ సూత్రం ఎప్పుడు నిజం? దీన్ని వాడటం అందరికీ వచ్చు. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతుందో మాత్రం చాలామంది ఆలోచించరు. అందుకని ఒకే ఒక్క ఉదాహరణ తీసుకుని చివరిదాకా దాంతోనే నడుద్దాం. హైడ్రోజన్ అణువు కాదు, ఒంటరి హైడ్రోజన్ పరమాణువు. అందులో ఎలక్ట్రాన్ 2p స్థితిలో ఉంది. కాసేపటికి ఒక ఫోటాన్‌ని వదిలి 1s కి దిగుతుంది. ఆ ఫోటాన్ శక్తి 10.2 ఎలక్ట్రాన్ వోల్టులు, తరంగదైర్ఘ్యం 121.6 నానోమీటర్లు. లైమన్ ఆల్ఫా అంటారు దాన్ని. ఆ "కాసేపు" ఎంత?

ముందు ఒక్క చివరి స్థితి మాత్రమే ఉందనుకుందాం. టైమ్ డిపెండెంట్ పర్టర్బేషన్ థియరీలో మొదటి అంచె లెక్క చేస్తే, t కాలం తర్వాత ఆ స్థితిలో ఉండే సంభావ్యత ఇలా వస్తుంది.

P(t) = (|V|²/ħ²) · sin²(ωt/2) / (ω/2)²

ఇక్కడ ω అంటే రెండు స్థితుల మొత్తం శక్తుల మధ్య తేడాని ħ తో భాగించింది. మొదటి స్థితి అంటే ఉత్తేజిత పరమాణువు. చివరి స్థితి అంటే భూస్థితిలోని పరమాణువుతో పాటు ఫోటాన్. రెండు శక్తులూ సరిగ్గా సమానమైతే ω సున్నా. అప్పుడు P అన్నది t² లాగా పెరుగుతుంది. తేడా ఉంటే కొంచెం పెరిగి, మళ్ళీ తగ్గి, సున్నాకి వచ్చి, మళ్ళీ పెరుగుతుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఈ రెండింటిలో దేనికైనా "సెకనుకి ఇంత" అని చెప్పగలిగే రేటు ఉందా? లేదు. మొదటిది t² లాగా పెరుగుతోంది కాబట్టి దాని రేటు క్షణక్షణం మారుతోంది. రెండోది వెనక్కి కూడా వస్తోంది. ఏ ఒక్క చివరి స్థితిని పట్టుకుని చూసినా స్థిరమైన రేటు కనబడదు. మరి Γ ఎక్కడి నుంచి వచ్చింది?

పై సూత్రంలోని sin²(ωt/2) / (ω/2)² భాగాన్ని ω కి ఎదురుగా గ్రాఫ్ గీద్దాం. మధ్యలో ఒక శిఖరం, రెండు పక్కలా చిన్న చిన్న అలలు. శిఖరం ఎత్తు t². అది సున్నాకి దిగే చోట్లు ω = ±2π/t. కాలం గడిచేకొద్దీ శిఖరం ఎత్తు t² గా పెరుగుతుంది, వెడల్పు 1/t గా సన్నబడుతుంది. మొత్తం వైశాల్యం కచ్చితంగా 2πt. భౌతికంగా చూస్తే, శక్తి సరిపోయే స్థితులు ఒక్కొక్కటీ t² వేగంతో నిండుతున్నాయి. కానీ "శక్తి సరిపోతుంది" అనిపించుకునే స్థితుల సంఖ్య 1/t లాగా తగ్గిపోతోంది. మిగతావి కాస్త నిండి మళ్ళీ వెనక్కి ఇచ్చేస్తున్నాయి. t² ని 1/t తో గుణిస్తే t. మొత్తం సంభావ్యత కాలంతో సరళరేఖలో పెరుగుతుంది. ఆ సరళరేఖ వాలే Γ. అంటే రేటు అన్నది గుంపుకి ఉన్న గుణం, స్థితికి ఉన్న గుణం కాదు. నాకు ఈ సూత్రంలో అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఇదే. పాఠ్యపుస్తకాల్లో డెల్టా ఫంక్షన్ పెట్టేసి ఒక్క లైనులో దాటేస్తే ఈ సంగతే కనబడకుండా పోతుంది.

ఇందులో ħ ఎక్కడ పోతుందో చూసుకోండి. P లో 1/ħ² ఉంది. స్థితుల మీద కూడేటప్పుడు ρ(E) dE రాస్తాం, dE అంటే ħ dω. అందుకే ఒక ħ కొట్టుకుపోయి 2π/ħ మిగులుతుంది. ρ ని శక్తికి కాకుండా ω కి రాసుకున్న వాళ్ళు ఇక్కడే తప్పిపోతారు. పట్టుకోవడం సులభం: V జౌళ్ళలో ఉంటే |V|²ρ కి కూడా జౌళ్ళే వస్తాయి, దాన్ని ħ తో భాగిస్తే సెకనుకి ఒకటి అన్న యూనిట్ వస్తుంది. అది రాలేదంటే ħ ఎక్కడో ఎక్కువో తక్కువో పడింది.

ఇప్పుడు హైడ్రోజన్ దగ్గరికి వద్దాం. ఫోటాన్ స్థితులని లెక్కపెట్టాలంటే ఒక పెద్ద పెట్టెని ఊహించుకుంటాం. దాని ఘనపరిమాణం 𝒱 అనుకోండి. రెండు ధ్రువణాలనీ కలుపుకుంటే

ρ(E) = 𝒱 ω² / (π² ħ c³)

ఇక్కడి నుంచి ω అంటే ఫోటాన్ కోణీయ పౌనఃపున్యం. ఆ పెట్టెలో ఒక్క ఫోటాన్‌కి సంబంధించిన విద్యుత్ క్షేత్రం √(ħω/2ε₀𝒱). దాన్ని పరమాణువు ద్విధ్రువం d తో గుణిస్తే V వస్తుంది. పరమాణువు సైజు అర ఆంగ్‌స్ట్రామ్ స్థాయిది, తరంగం 1216 ఆంగ్‌స్ట్రామ్‌లు. అందుకని పరమాణువు మేర అంతటా క్షేత్రం ఒకేలా ఉందనుకోవడంలో ఇబ్బంది లేదు. ఫోటాన్ ఏ దిక్కుకైనా పోవచ్చు కాబట్టి d కీ క్షేత్రానికీ మధ్య కోణం తాలూకు కొసైన్ వర్గానికి సగటు తీసుకోవాలి. అది 1/3. అన్నీ కలిపితే

Γ = ω³ d² / (3π ε₀ ħ c³)

పెట్టె ఘనపరిమాణం ఏమైంది? పెట్టె పెద్దదైతే స్థితులు ఎక్కువ, ఒక్కొక్క స్థితితో బంధం మాత్రం అంతే తక్కువ. రెండూ సరిగ్గా కొట్టుకుపోయాయి. మీ సమాధానంలో 𝒱 ఇంకా మిగిలి ఉంటే లెక్కలో పొరపాటు ఉందన్నమాట. ఒక్క ఫోటాన్ స్థితి మాత్రమే తీసుకుని రేటు రాయబోయిన వాళ్ళకి అది మిగులుతుంది.

ఇక అంకెలు. 1s, 2p తరంగ ప్రమేయాల మధ్య z కి మ్యాట్రిక్స్ ఎలిమెంట్ కట్టితే 128√2/243 బోర్ వ్యాసార్ధాలు వస్తుంది, అంటే 0.745. ఇది ఎవరైనా ఒక సాయంత్రం కూర్చుని కాగితం మీద చేసుకోగలిగిన ఇంటెగ్రల్. మీటర్లలో చూస్తే 3.94 × 10⁻¹¹. దీన్ని r అనుకుందాం, ఎలక్ట్రాన్ ఆవేశంతో గుణిస్తే మన d వస్తుంది. ω విలువ సెకనుకి 1.55 × 10¹⁶. ఫైన్ స్ట్రక్చర్ స్థిరాంకం α ని వాడి ఆ సూత్రాన్నే ఇలా రాసుకుంటే కంటికి బాగుంటుంది.

Γ = (4/3) α (ωr/c)² ω

ఇందులో ωr/c విలువ 0.002. దాని వర్గం పది లక్షల వంతుల్లో నాలుగు వంతులు, అంటే 4 × 10⁻⁶. α అంటే 1/137. గుణించుకుంటూ పోతే Γ సెకనుకి 6.27 × 10⁸ వస్తుంది. తిరగేస్తే జీవితకాలం 1.6 నానోసెకన్లు. మనం అడిగిన "కాసేపు" అదే.

ఈ రెండో రూపం ఎందుకు రాశానంటే, 1.6 నానోసెకన్లు మనకి చాలా తక్కువ అనిపిస్తుంది. పరమాణువు గడియారంలో అది చాలా పెద్ద కాలం. ఈ ω తో ఊగే ఊపులు అంతలో దాదాపు 40 లక్షలు పూర్తవుతాయి. బంధం అంత బలహీనం. గోల్డెన్ రూల్ ఇక్కడ అంత బాగా పనిచేయడానికి కారణం ఈ బలహీనతే.

ఎలాగో చూడండి. సూత్రం రాబట్టేటప్పుడు మనం రెండు చోట్ల చూసీచూడనట్టు వెళ్ళాం. మొదటిది, శిఖరం వెడల్పులో |V|²ρ మారదనుకుని దాన్ని బయటికి తీసేశాం. ఆ వెడల్పు 1/t స్థాయిది. మన కేసులో |V|²ρ అన్నది ω తో ఘనంగా మారుతుంది, కాబట్టి వెడల్పు ω కంటే చాలా తక్కువ కావాలి. అంటే t అన్నది 1/ω కంటే, 10⁻¹⁶ సెకన్ల కంటే, బాగా ఎక్కువ ఉండాలి. రెండోది, మొదటి స్థితి ఇంకా నిండుగానే ఉందనుకున్నాం. అంటే t అన్నది 1.6 నానోసెకన్ల కంటే బాగా తక్కువ ఉండాలి. ఈ రెండు హద్దుల మధ్య కోట్ల రెట్ల జాగా ఉంది. అందులో నిశ్చింతగా సరళరేఖ గీసుకోవచ్చు. బంధం బలంగా ఉండి ఈ రెండు హద్దులూ దగ్గరికి వచ్చేస్తే సరళరేఖకి చోటే ఉండదు. అప్పుడు Γ అన్న అంకె రాయగలం కానీ దానికి అర్థం ఉండదు.

1.6 నానోసెకన్లు దాటాక? మొదటి అంచె లెక్క P = Γt అంటుంది. అది ఒకటి దాటిపోతుంది, సంభావ్యత ఒకటి దాటకూడదు. మొదటి స్థితి ఖాళీ అవుతున్న సంగతిని కూడా లెక్కలోకి తీసుకుని 1930లో వైస్‌కాఫ్, విగ్నర్ చేసిన పద్ధతిలో, ఆ స్థితిలో ఇంకా మిగిలి ఉండే సంభావ్యత e^(−Γt) అని వస్తుంది. అందులో Γ మాత్రం గోల్డెన్ రూల్ ఇచ్చిందే. దానితో పాటు ఇంకొకటి కూడా వస్తుంది: వెలువడే కాంతి ఒకే పౌనఃపున్యంలో ఉండదు, Γ/2π వెడల్పున పరుచుకుంటుంది. మన కేసులో అది 100 మెగాహెర్ట్జ్. ఈ అంకెని గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

వెనక నుంచి ఒకరు మంచి ప్రశ్న అడుగుతున్నారు. పెట్టెలో స్థితులు విడివిడిగా ఉంటాయి కదా, నిజమైన కంటిన్యుయమ్ కాదు కదా, అప్పుడు సూత్రం ఎలా చెల్లుతుంది అని. మామూలుగా చెప్పే జవాబు, స్థితుల మధ్య ఎడం చాలా తక్కువైతే చాలు అని. ఆ జవాబు చాలదు. ఎందుకు చాలదో ఒక ఊహా ప్రయోగంతో చూపిస్తాను.

5 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న ఒక గోళం తీసుకోండి. లోపలి గోడ కాంతిని పూర్తిగా తిప్పికొడుతుందనుకోండి. మన పరమాణువు సరిగ్గా మధ్యలో ఉంది. పై ρ సూత్రంతో లెక్కపెడితే, Γ వెడల్పు లోపలే దాదాపు 30 కోట్ల ఫోటాన్ స్థితులు పడతాయి. ఇంకేం, కంటిన్యుయమ్ అంటే ఇదే అనిపిస్తుంది. కానీ ఆ 30 కోట్లలో మధ్యలో ఉన్న ద్విధ్రువంతో మాట్లాడేవి ఎన్ని? గోళంలో స్థితులని కోణీయ ద్రవ్యవేగాన్ని బట్టి విడగొడితే, మధ్యలో ఉన్న పరమాణువుతో బంధం ఉండేది ద్విధ్రువ రకం తరంగాలకి మాత్రమే. మిగతా వాటి విద్యుత్ క్షేత్రం మధ్యలో సున్నా. ఆ ద్విధ్రువ రకం స్థితుల మధ్య ఎడం πc/R, అంటే సెకనుకి 1.9 × 10¹¹. అది Γ కి 300 రెట్లు! కాబట్టి మన వెడల్పులో చాలాసార్లు ఒక్క స్థితి కూడా పడదు. పరమాణువు దాదాపు 2p లోనే ఉండిపోతుంది. గోళం సైజు సరిగ్గా కుదిరి ఒక స్థితి రెజొనెన్స్‌లో పడిందా, శక్తి పరమాణువుకీ ఫోటాన్‌కీ మధ్య ముందుకీ వెనక్కీ ఊగుతుంది. రెండు సందర్భాల్లోనూ రేటు లేదు, క్షయం లేదు.

ఇదే సంగతిని కాలంలో చెబితే, వెలువడిన తరంగం గోడ దాకా వెళ్ళి మళ్ళీ మధ్యకి 33 పికోసెకన్లలో వచ్చేస్తుంది. బావిలోకి వంగి కేక వేస్తే తిరిగొస్తుంది, పొలంలో వేస్తే రాదు. గోల్డెన్ రూల్‌కి కావలసింది తిరిగి రాకపోవడం. గోళం వ్యాసార్ధం కొన్ని మీటర్లు ఉంటే, కాంతి తిరిగొచ్చేసరికి పరమాణువు ఎన్నో జీవితకాలాలు దాటేసి ఉంటుంది. అప్పుడు ద్విధ్రువ స్థితుల మధ్య ఎడం కూడా Γ కంటే తగ్గుతుంది. కాబట్టి లెక్కపెట్టవలసింది మొత్తం స్థితులని కాదు, బంధం ఉన్న స్థితులని. సూత్రంలో ρ ని విడిగా, |V|² ని విడిగా చూడకుండా రెండింటి లబ్ధాన్నే ఒక వస్తువుగా చూడమని నేను విద్యార్థులకి చెప్పేది అందుకే.

ఇది ఊహ మాత్రమే కాదు. పరిసరాలు రేటుని మార్చగలవని 1946లోనే పర్సెల్ చెప్పాడు. 1985లో హ్యూలెట్, హిల్ఫర్, క్లెప్నర్ ముగ్గురూ చేసి చూపించారు. బాగా ఉత్తేజితమైన సీజియం పరమాణువులని రెండు లోహపు పలకల మధ్య నుంచి పంపారు. ఆ పరమాణువులు వదిలే తరంగం పొడవు అర మిల్లీమీటరుకి కాస్త తక్కువ. పలకల మధ్య ఎడం అందులో సగం కంటే తగ్గితే, పలకలకి సమాంతరంగా ధ్రువణం ఉన్న ఆ తరంగానికి అక్కడ స్థితే ఉండదు. జీవితకాలం కనీసం 20 రెట్లు పెరిగింది. పరమాణువు అదే, V తాలూకు ద్విధ్రువమూ అదే. మారింది వెళ్ళడానికి ఉన్న చోటు మాత్రమే.

సరే, మన 1.6 నానోసెకన్లని కొలిచేదెలా? గడియారం పెట్టి కొలవడం కష్టం కాబట్టి దూరంతో కొలుస్తారు. ప్రోటాన్లని వేగంగా పంపి, చాలా పలచని కార్బన్ రేకులోంచి దూరుస్తారు. కొన్ని ప్రోటాన్లు రేకులో ఒక ఎలక్ట్రాన్‌ని పట్టుకుని, ఉత్తేజిత హైడ్రోజన్‌గా బయటికి వస్తాయి. 50 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ వేగంతో వెళ్తే 1.6 నానోసెకన్లలో దాదాపు 5 మిల్లీమీటర్లు దాటుతుంది. రేకు నుంచి దూరంగా జరిగేకొద్దీ లైమన్ ఆల్ఫా ఎలా మందగిస్తోందో చూస్తే చాలు.

ఇందులో ఒక చిక్కుంది. రేకు 2p ని మాత్రమే తయారుచేయదు. 3s, 3d లాంటి పై స్థితులు కూడా వస్తాయి, అవి మెల్లగా 2p లోకి దిగుతూ దాన్ని నింపుతూ ఉంటాయి. 3d జీవితకాలం 15 నానోసెకన్ల పైన, 3s ది దాదాపు 160. కాబట్టి రేకుకి దూరంగా వెళ్ళేకొద్దీ మనం చూస్తున్నది 2p సొంత క్షయం కాదు, పైనుంచి కారుతున్న దాని క్షయం. కాంతి తీవ్రతకి లాగరిథమ్ తీసి దూరానికి ఎదురుగా గీస్తే సంగతి బయటపడుతుంది. ఒకే స్థితి అయితే సరళరేఖ రావాలి. దూరంలో గీత వంగి చదునుగా మారుతోందంటే పైనుంచి పోత ఉందని అర్థం. ఆ తోకని చూడకుండా మొత్తం బిందువులకి ఒకే గీత బిగిస్తే జీవితకాలం ఎక్కువగా వస్తుంది, అప్పుడు తప్పు గోల్డెన్ రూల్ మీదకి నెట్టేస్తాం. తోకని విడిగా లెక్కకట్టి తీసేస్తే 1.6 దగ్గరే నిలుస్తుంది.

ఇక 2p పక్కనే ఉన్న 2s సంగతి. శక్తి దాదాపు అంతే. చివరి ఫోటాన్ స్థితుల సాంద్రత కూడా అంతే. అయితే 2s కీ 1s కీ మధ్య ద్విధ్రువ మ్యాట్రిక్స్ ఎలిమెంట్ సున్నా. ρ ఎంతున్నా సున్నాతో గుణిస్తే సున్నానే. మరి 2s శాశ్వతమా? కాదు. మొదటి అంచె సున్నా అయినప్పుడు రెండో అంచెకి వెళ్ళాలి. మరియా గోపర్ట్ మేయర్ 1931లో ప్రచురించిన రెండు ఫోటాన్ల సిద్ధాంతం ఇక్కడ పనికొస్తుంది. 2s ఒకేసారి రెండు ఫోటాన్లని వదిలి దిగుతుంది. 10.2 ఎలక్ట్రాన్ వోల్టులని ఆ రెండూ ఎలాగైనా పంచుకోవచ్చు, కాబట్టి ఒక్క గీత బదులు పరుచుకున్న వర్ణపటం వస్తుంది. జీవితకాలం 0.12 సెకన్లు, 2p కి ఏడు కోట్ల రెట్లకి పైగా. గోల్డెన్ రూల్ సున్నా ఇచ్చిందంటే "జరగదు" అని కాదు, "ఈ అంచెలో జరగదు" అని చదువుకోవాలి.

ఈ తేడా మీద ఆధారపడే 1947లో లాంబ్, రెదర్‌ఫర్డ్ తమ ప్రయోగం చేశారు. వేడిచేసిన టంగ్‌స్టన్ నుంచి వచ్చే హైడ్రోజన్ పరమాణువులు సెకనుకి 8 కిలోమీటర్ల స్థాయి వేగంతో వెళ్తాయి. ఆ వేగంలో 2p పరమాణువు దాటగలిగే దూరం మిల్లీమీటరులో దాదాపు వందో వంతు మాత్రమే. 2s పరమాణువు మాత్రం డిటెక్టర్ దాకా హాయిగా చేరుతుంది. దారిలో మైక్రోవేవ్ వేసి దాన్ని 2p లోకి మారిస్తే అక్కడికక్కడే 1s కి పడిపోతుంది, డిటెక్టర్‌లో కరెంటు తగ్గుతుంది. అలా వాళ్ళు 2s, 2p లలో జమిలిగా ఉండాల్సిన రెండు స్థాయిల మధ్య దాదాపు 1000 మెగాహెర్ట్జ్ తేడా ఉందని తేల్చారు. కానీ ఆ కరెంటు తగ్గుదల సన్నని గీతలా రాలేదు, 2p క్షణాల్లో పోతుంది కాబట్టి. ఇందాక గుర్తుపెట్టుకోమన్న 100 మెగాహెర్ట్జ్ ఇక్కడ పనికొస్తుంది. కొలవాల్సిన తేడాలో పదో వంతు వెడల్పున్న ఆ గుట్టకి మధ్య బిందువు ఎక్కడుందో మెగాహెర్ట్జ్ కంటే సన్నగా తేల్చాలంటే, ముందు దాని ఆకారం కచ్చితంగా తెలియాలి. అందుకే తర్వాతి ఏళ్ళలో లాంబ్ బృందం రాసిన వరస పేపర్లలో చాలా భాగం ఆ ఆకారాన్ని లెక్కకట్టడానికే పోయింది.